చదరపు అడుగుకు యాభై పైసలు

బి-బ్లాకు లిఫ్టులో మీరు, ఆవిడ, ఇస్త్రీ బట్టల మూటతో ఒక కుర్రాడు. ఫిబ్రవరి చివరి శనివారం, సాయంత్రం ఆరున్నర. నిజాంపేట వైపు తొంభై ఆరు ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఇది. రేపు ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా అసోసియేషన్ ఎన్నికలు. ఆవిడ సెక్రటరీ పదవికి నిలబడింది. చేతిలో జిరాక్స్ కాగితాలున్నాయి, ఒక్కోటి అరపేజీ కూడా లేదు. ఇక్కడ మనుషులకు పేర్లు తర్వాత, ఫ్లాటు నంబర్లు ముందు. అందుకే ఆవిడ బి-203 మేడమ్. పోటీగా ఉన్నాయన ఎ-402 సారు.

లిఫ్టు అద్దం మీద ఎ-402 సారు ప్యానెల్ కరపత్రం అంటించి ఉంది. రంగుల్లో వేయించారు. ఆరుగురి ఫొటోలు, కింద పన్నెండు హామీలు. జిమ్‌కి కొత్త ట్రెడ్‌మిల్, పిల్లలకు స్కేటింగ్, ప్రతి పండక్కీ భోజనాలు, ఇరవై నాలుగు గంటలూ నీళ్లు, ఆఖరున పెద్ద అక్షరాలతో ‘మెయింటెనెన్స్ పెంచేది లేదు’. ఆవిడ దాన్ని చూసి ఊరుకుంది. మీరు మాత్రం చివరి రెండు హామీలను ఇంకోసారి చదువుతారు, ఎందుకంటే ఆవిడ కాగితం సరిగ్గా ఆ రెండింటి మధ్యే ఉంది.

ఐదో అంతస్తు. బి-504 తలుపు తీసిన పెద్దాయన లుంగీ సర్దుకుంటూ, “రామ్మా రా, ఓట్లకేనా?” అంటారు.

“అవును బాబాయ్‌గారూ. రెండు నిమిషాలే, కూర్చోను. ఇది చదవండి చాలు.”

ఆయన కళ్లద్దాలు వెతుక్కునేలోగా మీరూ చదవచ్చు.

“నమస్కారం. నేను బి-203. రేపు సెక్రటరీగా నిలబడుతున్నాను.

మార్చి, ఏప్రిల్, మే నెలలకు మెయింటెనెన్స్ చదరపు అడుగుకు 50 పైసలు పెంచమని జనరల్ బాడీని అడుగుతాను. 1,250 అడుగుల ఫ్లాటుకు నెలకు 625 రూపాయలు ఎక్కువవుతుంది. ఇకమీదట ట్యాంకర్ల డబ్బు కార్పస్ నుంచి తీయకూడదని నా అభిప్రాయం.

ప్రతి ట్యాంకరునూ సంపులో కొలిచే దించుకుంటాం. ఆ రిజిస్టరు లాబీలో ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు.

పార్కింగ్ గొడవలు, కుక్కల గొడవలు ఏడాదిలో తీర్చేస్తానని చెప్పలేను. నాకు ఉద్యోగం ఉంది, రాత్రి ఎనిమిది తర్వాతే దొరుకుతాను.

సరేననిపిస్తే ఓటేయండి.”

అంతే. నిన్న రాత్రి దీన్ని చూసి వాళ్లాయన తల పట్టుకున్నాడట. “పెంచుతానని రాసి ఎవరైనా ఓటడుగుతారా? గెలిచాక చెప్పొచ్చుగా!” గెలిచాక చెబితే జనరల్ బాడీలో ఒక్కరు కూడా చెయ్యెత్తరని ఆవిడ వాదన. మెయింటెనెన్స్ పెంచడం సెక్రటరీ చేతిలో లేదు, జనరల్ బాడీ తీర్మానం కావాలి. ఎన్నికలకు ముందే విని ఓటేసినవాళ్లయితేనే ఆ రోజు లేచి నిలబడతారు. ఆ వాదన నాకు నిజాయితీ కన్నా తెలివిలాగే కనిపించింది. రెండూ ఒకేచోట దొరకడం అరుదు గానీ, దొరికినప్పుడు వద్దనడం దేనికి?

బాబాయ్‌గారు రెండో పేరా దగ్గర ఆగిపోయారు. “అమ్మాయ్, ఐదేళ్లుగా ఇదే రెండున్నర రూపాయలు కడుతున్నాం. ఎవరూ పెంచలేదు. నీళ్లూ ఆగలేదు. ఇప్పుడు నీకెందుకు వచ్చింది ఈ ఆలోచన?”

“ఆ నీళ్లు ఎవరి డబ్బుతో వచ్చాయో చూశారా బాబాయ్‌గారూ?”

ఆవిడ ఫోను తీసింది. అందులో గత ఐదేళ్ల ఆదాయ వ్యయ పట్టికల ఫొటోలు. ఏటా జనరల్ బాడీలో పంచి, సమోసాతో పాటు మడిచి పారేసే కాగితాలవి. ఆవిడ వేలు పెట్టి చూపించేది ఖర్చుల వైపు కాదు, ఆదాయం వైపు. ‘ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద వడ్డీ’ అన్న ఒక్క వరస.

బిల్డరు అపార్ట్‌మెంట్ అప్పగించేటప్పుడు అడుగుకు యాభై రూపాయల చొప్పున కార్పస్ వసూలు చేశాడు. మొత్తం ఫ్లాట్ల విస్తీర్ణం లక్షా ఇరవై వేల అడుగులు. అంటే అరవై లక్షలు, బ్యాంకులో డిపాజిట్. లిఫ్టు మోటారు కాలిపోయినప్పుడో, బిల్డింగుకు రంగులేయాల్సి వచ్చినప్పుడో, పైపులన్నీ మార్చాల్సినప్పుడో అక్కరకు రావాల్సిన డబ్బు అది. ఏడు శాతం చొప్పున లెక్కేసినా ఏడాదికి నాలుగు లక్షల ఇరవై వేల వడ్డీ రావాలి. నిరుటి పట్టికలో ఉన్నది మూడు లక్షల యాభై ఏడు వేలు. అరవై మూడు వేలు తక్కువ. అదే ఏడు శాతంతో వెనక్కి లెక్కేస్తే డిపాజిట్‌లో తొమ్మిది లక్షలు లేవు.

“దొంగతనమా?” బాబాయ్‌గారి గొంతు తగ్గింది.

“కాదండీ. ఎవరూ జేబులో వేసుకోలేదు. ప్రతి వేసవిలో ట్యాంకర్లకు లక్షా ఎనభై వేలు తీశారు. ఐదు వేసవులు.”

దొంగతనం కాదని చెప్పడం ఆవిడకు నష్టమే. ‘కార్పస్ మింగేశారు’ అన్న ఒక్క మాట వదిలితే ఈపాటికి మూడు బ్లాకులూ అట్టుడికిపోయేవి. ఆ మాట అనదు. పాత కమిటీ చేసింది పిరికి పని, నేరం కాదు. మెయింటెనెన్స్ పెంచుతామని చెప్పే ధైర్యం లేక, ఎవరికీ కనబడని చోటు నుంచి తీసి కనబడే తొట్టిలో పోశారు.

ఆ లక్షా ఎనభై వేల అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే నీళ్ల లెక్క చూడాలి. నాలుగో అంతస్తుకు మెట్లు దిగుతూ ఆవిడ మీకు చెబుతుంది. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది నీటి సరఫరా ఇంజనీర్లు పాటించే ప్రమాణం. ఇంటికి నలుగురు చొప్పున తొంభై ఆరు ఇళ్లకు రోజుకు దాదాపు యాభై రెండు వేల లీటర్లు. వానాకాలంలో మూడు బోర్లూ, మంజీరా నీళ్లూ కలిసి సరిపోతాయి. ఏప్రిల్ వచ్చేసరికి ఒక బోరు గాలి కక్కుతుంది, మిగతా రెండూ కలిపి పద్నాలుగు వేలు కూడా ఇవ్వవు. మంజీరా రోజు విడిచి రోజు వస్తుంది, సగటున పద్దెనిమిది వేలనుకోండి. ఇంకా ఇరవై వేలు తక్కువ. రోజుకు పది వేల లీటర్ల ట్యాంకర్లు రెండు. నెలకు అరవై. ట్యాంకరు వెయ్యి చొప్పున మాట్లాడుకున్నారు కాబట్టి నెలకు అరవై వేలు, మూడు నెలలకు లక్షా ఎనభై వేలు.

లక్షా ఇరవై వేల అడుగుల మీద యాభై పైసలు వేసినా అరవై వేలే. కాగితంలోని ఆ అంకె అలా పుట్టింది.

బి-401లో సాఫ్ట్‌వేర్ దంపతులు. ఆయన మీటింగులో ఉన్నాడు, చెవిలో తీగ. భార్య గుమ్మంలోనే కాగితం చదివి, “మరి ప్రభుత్వం నెలకు ఇరవై వేల లీటర్లు ఫ్రీ అంది కదక్కా? ఇంక ట్యాంకర్లెందుకు?” అని అడుగుతుంది.

ఇది అందరూ అడిగే ప్రశ్నే. 2021లో హైదరాబాద్‌లో మొదలైన ఆ పథకం బిల్లుకు సంబంధించింది. వచ్చిన నీళ్లలో ఇంటికి ఇరవై వేల లీటర్ల దాకా డబ్బు కట్టక్కర్లేదు, అంతే. పైపులో రాని నీళ్లను అది తెచ్చివ్వదు. తొంభై ఆరు ఇళ్లకు ఆ ఉచిత పరిమితి రోజుకు అరవై నాలుగు వేల లీటర్లవుతుంది. వేసవిలో పైపులో వచ్చేది అందులో మూడో వంతు కూడా లేదు. ఆవిడ ఇదంతా చెప్పేటప్పుడు ఎక్కడా ఎవరినీ తిట్టదు. ఆ అమ్మాయి “ఓహో” అని, “మాకిక్కడ ఓటు లేదక్కా, అద్దెకుంటున్నాం” అంటుంది కాస్త మొహమాటంగా.

“తెలుసమ్మా. మీ ఓనరు డాలస్‌లో ఉన్నారు కదా. పెరిగితే కట్టాల్సింది మీరే కాబట్టి చెప్పాలనిపించింది.”

ఓటు లేని ఇంట్లో ఐదు నిమిషాలు నిలబడిన అభ్యర్థిని నేను మొదటిసారి చూస్తున్నాను. ఓటు యజమానిది, ఫ్లాటుకు ఒక్కటే. భార్యాభర్తల పేరున ఉమ్మడిగా ఉన్నా ఒక్కటే. బకాయి ఉంటే ఈ అసోసియేషన్ బైలాస్ ప్రకారం అదీ లేదు. ఇంకో చిక్కుంది, చాలామంది ఓట్లు దానివల్లే పోతాయి. పాత యజమాని దగ్గర ఫ్లాటు కొనుక్కున్నవాళ్లు సేల్ డీడ్ చేతికొస్తే అయిపోయిందనుకుంటారు. అసోసియేషన్ సభ్యత్వం తమ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టరు. జాబితాలో పాతవాడి పేరే ఉంటుంది. ఓటింగు రోజు వచ్చి “నా ఇల్లు, నాకు ఓటు లేదా?” అని ఎన్నికల అధికారి మీద పడతారు. ఆవిడ వారం ముందే అలాంటి ఇళ్లకు వెళ్లి దరఖాస్తులు పెట్టించింది. వాళ్లంతా తనకే వేస్తారన్న నమ్మకమేమీ లేదట.

మూడో అంతస్తులో బి-302 ఆంటీ లోపలికి రమ్మని పట్టుబట్టి టీ ఇచ్చింది. పెద్ద ఫ్లాటు, పద్దెనిమిది వందల యాభై అడుగులు. మొగుడూ పెళ్లాం ఇద్దరే, పిల్లలు ఆస్ట్రేలియాలో. ఆంటీ కాగితం పక్కన పెట్టి సూటిగా అంది: “మేమిద్దరం వాడే నీళ్లెంత? నాకు తొమ్మిది వందల పాతిక పడుతుంది. ఆ పక్కన తొమ్మిది వందల యాభై అడుగుల్లో ఆరుగురున్నారు, వాళ్లకు నాలుగు వందల డెబ్బై అయిదు. ఇదేం న్యాయం?”

ఆవిడ టీ కప్పు కింద పెట్టింది. “న్యాయం కాదాంటీ.”

ఆంటీ కాసేపు చూసింది. సర్దిచెప్పే మాట ఏదో వస్తుందనుకుంది కాబోలు.

“ఇంటింటికీ మీటరు పెడితేనే న్యాయం. మన బిల్డింగులో ఒక్కో ఫ్లాటుకూ నీళ్లు నాలుగు షాఫ్టుల్లోంచి నాలుగు పైపుల్లో వస్తాయి. రెండు బాత్రూములు, వంటిల్లు, వాషింగ్ ఏరియా. అంటే ఇంటికి నాలుగు మీటర్లు. నేనున్న ఏడాదిలో అది అవుతుందని చెప్పి మీ ఓటు తీసుకోలేను. ఎంతవుతుందో అంచనా వేయించి జనరల్ బాడీ ముందు పెట్టగలను. ఈ వేసవికి మాత్రం అడుగుల లెక్కే.”

“అయితే నేను నీకు వెయ్యను” అంది ఆంటీ, బిస్కెట్ల ప్లేటు ముందుకు జరుపుతూ.

“సరేనాంటీ.” ఆవిడ ఒక బిస్కెట్ తీసుకుంది.

రెండో అంతస్తులో ఒకాయన కాగితం చదవనే లేదు. “మీదే ఊరమ్మా? ఇంటిపేరు?” అని అడిగారు. ఆ ప్రశ్న వెనకాల ఏముందో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆవిడ ఊరు చెప్పి, ఇంటిపేరు దగ్గర నవ్వి, “ట్యాంకర్లకు ఇంటిపేరుండదు కదండీ” అని కాగితం చేతిలో పెట్టి వచ్చేసింది. ఆ ఓటు పోయినట్టే లెక్క.

ఎనిమిదిన్నరకు కిందకు దిగాం. గేటు దగ్గర ట్యాంకరు వచ్చి ఆగింది. ఫిబ్రవరిలోనే మొదలైపోయాయి. వాచ్‌మన్ పాలమూరు వైపు మనిషి, సంపు మూత తీస్తున్నాడు. డ్రైవరు పైపు లోపలికి దించి, సంతకం కోసం పుస్తకం చాపుతున్నాడు.

“ఆగన్నా, ముందు మోటారు బంద్ చేయించు” అంది ఆవిడ.

వాచ్‌మన్ పైట్యాంకులకు నీళ్లెక్కించే మోటారు ఆపాడు. అది ఆడుతుంటే ఒకవైపు నీళ్లు దిగుతూ ఇంకోవైపు పైకి పోతుంటాయి, ఏ కొలతా నిలవదు. మంజీరా వాల్వు కూడా మూయించింది. తర్వాత మూలనున్న పొడవాటి వెదురుకర్ర తీసింది. దాని మీద సెంటీమీటర్ల గీతలు, పర్మనెంటు మార్కరుతో. సంపు అడుగున ఐదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు. ఇరవై చదరపు మీటర్లు. పది వేల లీటర్లు నిజంగా పడితే నీటిమట్టం సరిగ్గా యాభై సెంటీమీటర్లు పెరగాలి. కర్ర నిటారుగా దించి, తడి ఎక్కడిదాకా ఉందో ఫోను లైటులో చూసింది. డెబ్బై ఒకటి. మిమ్మల్ని కూడా చూడమంది. డెబ్బై ఒకటే.

ట్యాంకరు ఖాళీ అవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. డ్రైవరు బీడీ కాలుస్తూ గేటు బయట తిరిగాడు. వాచ్‌మన్ చెప్పుకొచ్చాడు: “రాత్రి రెండింటికొస్తరమ్మా. నిద్ర కళ్ల మీద సంతకం వెట్టమంటరు, వెడ్తం. ఎంత పోసిండో ఎవలు జూసిండ్రు?”

అలల్లేకుండా నీళ్లు కుదురుకునేదాకా ఆగి మళ్లీ కర్ర దించింది. నూట పదమూడు. నలభై రెండు సెంటీమీటర్లే పెరిగింది. ఎనిమిది వేల నాలుగు వందల లీటర్లు. డ్రైవరు మొదట ట్యాంకరు లీకన్నాడు, తర్వాత సంపు లీకన్నాడు, ఆఖరుకు “మా సేటు నింపినంతే తెస్త, నన్నడిగితే ఏం జెప్పాలె” అన్నాడు. ఆ చివరిది నిజమే అయ్యుంటుంది. ఆవిడ అతన్ని ఏమీ అనలేదు. పుస్తకంలో ‘10,000’ అని అచ్చేసి ఉన్నచోట కొట్టేసి, ‘8,400, కొలిచాం’ అని రాయించి వాచ్‌మన్ చేత సంతకం పెట్టించింది.

ఈ ఒక్క ట్యాంకరుతో ఏమీ రుజువు కాదు, ఆ సంగతి ఆవిడే అంది. నిరుడు వచ్చిన నూట ఎనభై ట్యాంకర్లూ ఇలాగే వచ్చుంటే మాత్రం రెండు లక్షల ఎనభై ఎనిమిది వేల లీటర్ల రాని నీళ్లకు డబ్బు కట్టినట్టు. దాదాపు ఇరవై తొమ్మిది ట్యాంకర్లు, ఇరవై తొమ్మిది వేల రూపాయలు. అది అరికట్టినంత మాత్రాన మెయింటెనెన్స్ పెంచకుండా సరిపోదు. లక్షా యాభై వేలు ఇంకా కావాలి. “దొంగతనం ఆపితే చాలు, పెంచక్కర్లేదు అని రాస్తే ఎంత బావుండేదో!” అని నవ్వింది. రాయలేదు.

కర్ర పట్టుకుని నిలబడ్డ ఆవిడ దగ్గరికి ఎ-201 పెద్దాయన వచ్చారు, రాత్రి నడకకు బయల్దేరినాయన. రిటైరైన ఆడిటరు. కాగితం లైటు కింద పెట్టి చదివి, పెన్ను అడిగారు. “అన్నీ చెప్పావు, లెక్కలు ఎప్పుడు చూపిస్తావో చెప్పలేదు. ప్రతి కమిటీ లాబీలో పెడతాననే అంటుంది. ఏ తేదీకి?” ఆవిడ కాసేపు ఆలోచించి, చేతిలో మిగిలిన కాగితాలన్నిటి అడుగునా అక్కడికక్కడే రాసింది: “ప్రతి నెలా 10వ తేదీకల్లా గత నెల జమాఖర్చులు, బ్యాంకు స్టేట్‌మెంటుతో సహా నోటీసు బోర్డులో.” అదే మాట వాట్సాప్ గ్రూపులోనూ పెట్టింది. మొదటి జవాబు, ఎవరో తన పార్కింగులో కారు పెట్టారన్న ఫొటో.

ఆదివారం క్లబ్‌హౌస్‌లో టేబుల్ టెన్నిస్ బల్ల మీద బ్యాలెట్ పెట్టె. ఎన్నికల అధికారి సి-బ్లాకులోని రిటైర్డ్ హెడ్మాస్టరు, ఏ ప్యానెల్‌లోనూ లేని మనిషి. తొంభై ఆరులో బకాయిల వల్ల పదకొండు ఓట్లు పోయాయి. మిగిలిన ఎనభై అయిదులో పడినవి అరవై ఏడు. విదేశాల్లో ఉన్న యజమానులు ఫోన్లు చేశారు గానీ, బైలాస్‌లో ప్రాక్సీ లేదని హెడ్మాస్టరు కుదరదన్నారు. రెండు వైపులవాళ్లూ బతిమాలారు, ఆయన ఇద్దరికీ అదే జవాబిచ్చారు.

రెండింటికి లెక్కింపు పూర్తయింది. సెక్రటరీ పదవికి ఎ-402 సారుకు ముప్పై, ఆవిడకు ముప్పై ఆరు, ఒకటి చెల్లలేదు. ఆ చెల్లని ఓటు మీద ఇద్దరి పేర్లకూ టిక్కు పెట్టారెవరో మంచివాళ్లు. మిగతా అయిదు పదవులూ సారు ప్యానెలే గెలుచుకుంది, ట్రెజరర్‌తో సహా. అసోసియేషన్లలో జరిగేదే ఇది. ఒంటరిగా గెలిచిన సెక్రటరీ, పక్కన అవతలి ప్యానెల్ ట్రెజరర్, చెక్కుల మీద ఇద్దరి సంతకాలూ ఉంటేనే డబ్బు కదులుతుంది.

బి-302 ఆంటీ వెళ్తూ వెళ్తూ ఆగి, “వెయ్యలేదు నీకు. చెప్పానుగా” అంది. “మీటర్ల అంచనా ఎప్పుడు?”

“ఏప్రిల్ జనరల్ బాడీకాంటీ.”

మెడలో ఇంకా దండ తీయని కొత్త ట్రెజరరు చెయ్యి కలిపాడు. మంచి మనిషే, ట్రెడ్‌మిల్ ఆలోచన అతనిదే. “కంగ్రాట్స్ మేడమ్. సోమవారం బ్యాంకుకి వెళ్దామా, స్పెసిమెన్ సంతకాలు మార్పించాలి. ఒక ఎఫ్‌డీ కూడా మెచ్యూర్ అవుతోందట, ట్యాంకర్లకు పనికొస్తుంది.”

“వెళ్దామన్నయ్యా. దాన్ని రెన్యువల్ చేయించడానికి ఫారం తెస్తాను” అంది ఆవిడ. “మిగతా ఎఫ్‌డీ రసీదులన్నీ మీరు తీసుకురండి, బ్యాంకులోనే కూర్చుని లెక్కపెట్టుకుందాం.”